పిల్ల చెప్పింది పిల్లది, బడి చెయ్యాల్సింది బడిది

ఈసారి సంపాదకీయం ఒక్క పేజీ కాగితం గురించి. బళ్ళో తోటిపిల్లల చేతిలో వేధింపుకి గురవుతున్న పిల్లతో కౌన్సిలర్ కొన్నిసార్లు మాట్లాడాక బడి యాజమాన్యానికి రాసిచ్చే సారాంశం అది. మన సంస్థల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఇప్పుడు వారానికి రెండు రోజులో మూడు రోజులో బళ్ళకి వెళ్ళి కౌన్సిలింగ్ చేస్తున్నారు. శిక్షణ తరగతుల్లో వాళ్ళు రాసిన నోట్లు చదివే పని నాకు పడుతూ వుంటుంది. చదివిన ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది. పిల్లతో గంటలకొద్దీ ఓపిగ్గా కూర్చుని విన్న మనిషి, కలం పట్టుకునేసరికి ఆ పిల్లకి వ్యతిరేకంగా సాక్ష్యం రాసినట్టు రాస్తుంది. కావాలని కాదు. మన సమాజంలో దెబ్బతిన్న ఆడదాని గురించి రాసే పద్ధతే అలా స్థిరపడిపోయింది.

1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసుస్టేషన్‌లో అత్యాచారం జరిగితే, విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫున బోనెక్కించింది ఆమె శీలాన్నే. గృహహింస కేసుల్లో కౌన్సిలింగ్ రిపోర్టులు చదివినవాళ్ళకి తెలుసు. కొట్టినవాడి గురించి రెండు వాక్యాలుంటే, దెబ్బలు తిన్నామె కోపం గురించీ, పుట్టింటి గురించీ, ఆమె ‘సర్దుకుపోలేకపోవడం’ గురించీ పది వాక్యాలుంటాయి. బడి నోటు కూడా ఆ వంశంలోదే. ఇక్కడ మనిషి పదమూడేళ్ళ పిల్ల, అంతే తేడా.

మాటల్లో కాకుండా ఒక కేసు పెట్టుకుని చూద్దాం. ఇది ఏ ఒక్క పాప కథా కాదు. నాలుగైదు కేసుల వివరాలు మార్చి, కలిపి తయారుచేసుకున్నది. గోప్యత గురించి రాస్తూ ఒక పిల్లని బయటపెట్టడం కుదరదు కదా.

ఒక జిల్లా కేంద్రంలో ప్రయివేటు హైస్కూలు. ఎనిమిదో తరగతి అమ్మాయి. తల్లి మున్సిపాలిటీలో వీధులూడ్చే పని చేస్తుంది. తండ్రి తాగుతాడు. క్లాసులో నలుగురైదుగురు అమ్మాయిలు ఆ పాపని ‘చీపురు’ అని పిలవడం మొదలెట్టారు. తర్వాత కులం పేరు ఎత్తారు. ఆమె తాగిన కుళాయి దగ్గర తాము తాగమన్నారు. ఒకరోజు ఆమె బెంచీ మీద నిజంగానే చీపురు పెట్టి వుంది. ఆ పాప కౌన్సిలర్‌తో నాలుగుసార్లు మాట్లాడింది. ఇవన్నీ చెప్పింది. ఇవికాక ఇంకో మూడు సంగతులు కూడా చెప్పింది. ఇంట్లో రాత్రిళ్ళు నాన్న గొడవ చేస్తాడని. తొమ్మిదో తరగతి అబ్బాయికి ఉత్తరం రాసిందని. ఒకసారి ‘నేను లేకపోతే బాగుండునక్కా’ అనిపించిందని.

కౌన్సిలర్ మొదట రాసిన నోటు ఇలా వుంది:

‘ఎనిమిదో తరగతి బి సెక్షన్ విద్యార్థిని. తండ్రికి తాగుడు అలవాటు. తల్లి పారిశుద్ధ్య పనివారు. ఇంట్లో తరచూ గొడవలు. బాలిక సున్నిత మనస్కురాలు, ఆత్మవిశ్వాసం తక్కువ. తోటివారు చెడ్డ పేర్లతో పిలుస్తున్నారని బాధపడుతోంది. తొమ్మిదో తరగతి బాలునితో స్నేహం వుంది, ఉత్తరం రాసింది. చనిపోవాలన్న ఆలోచన వచ్చినట్టు చెప్పింది. మరికొన్ని సెషన్లు అవసరం. పాఠశాల సహకరించవలసిందిగా కోరుతున్నాం.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఇది చదివిన హెడ్మిస్ట్రెస్ ఏం చేస్తుంది? ఉత్తరం గురించి తల్లిదండ్రుల్ని పిలిపిస్తుంది. చావు మాట చూసి, తమ బళ్ళో ఏమైనా జరిగితే పేరు పోతుందని భయపడి, ‘కొన్నాళ్ళు ఇంట్లో వుంచండి’ అంటుంది. లేదా టీసీ తీసుకొమ్మంటుంది. తండ్రి తాగుడు సంగతి స్టాఫ్‌రూమ్‌లో టీ తాగేటప్పుడు చర్చకి వస్తుంది. ఉత్తరం సంగతి ఇంటికి చేరిన రోజు ఆ పిల్ల చదువుకి చివరి రోజు కావచ్చు. అబ్బాయికి ఉత్తరం రాసిన పదమూడేళ్ళ ఆడపిల్లకి మన ఊళ్ళల్లో ఏమవుతుందో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. అంటే ఆ నోటు వల్ల అందరూ కదులుతారు, వేధించిన పిల్లలు తప్ప. పది వాక్యాల్లో బడి ప్రస్తావన వచ్చింది ఒక్కదాంట్లో, చివరిదాంట్లో. అదీ ‘సహకరించాలి’ అని. దేనికి, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు అన్నది లేదు.

ఈ ప్రమాదం తెలిసిన కౌన్సిలర్లు కొందరు రెండో వైపుకి పోతారు. ‘బాలికకు సర్దుబాటు సమస్య వుంది. కౌన్సిలింగ్ జరుగుతోంది. వివరాలు గోప్యం’ అని మూడు ముక్కలు రాసి వూరుకుంటారు. ఇది పిల్లని కాపాడినట్టు కనిపిస్తుంది గానీ కాపాడదు. సమస్య పిల్లలోనే వుందనీ, దాన్ని బాగుచెయ్యడానికి ఓ మనిషి వస్తోందనీ, ఇక తాము చెయ్యాల్సిందేమీ లేదనీ బడికి హామీ ఇచ్చినట్టు అవుతుంది. పాప వారానికోసారి వచ్చి ఏడ్చి వెళుతుంది. మధ్యాహ్నం కుళాయి దగ్గర జరిగేది జరుగుతూనే వుంటుంది.

ఎక్కువ రాసినా తక్కువ రాసినా నష్టపోయేది పిల్లేనా? ఈ ప్రశ్నని పరిమాణం ప్రశ్నగా చూసినంతకాలం దారి దొరకదని నా అభిప్రాయం. ఎంత చెప్పాలి అని కాదు, ఎవరి గురించి చెప్పాలి అని అడగాలి. పిల్ల ఏమనుకుంటోంది, ఏం భయపడుతోంది, ఇంట్లో ఏముంది, ఎవరిని ఇష్టపడింది – ఇవన్నీ పిల్లవి. ఆమె సెషన్‌లో మనకి నమ్మి ఇచ్చినవి. ఏ కుళాయి దగ్గర, ఏ పీరియడ్‌లో, ఎవరి కాపలా లేనప్పుడు ఇది జరుగుతోంది అన్నది బడిది. బడి ఆవరణ, బడి వేళలు, బడి బాధ్యత. నోటులో ప్రతి వాక్యం దగ్గరా ఆగి ‘ఈ వాక్యం తీసేస్తే బడి చెయ్యాల్సిన పని ఏదైనా మారుతుందా?’ అని అడిగితే, పై నోటులో మిగిలేది ఒక్క వాక్యం. తోటివారు పేర్లు పెట్టి పిలుస్తున్నారన్నది. అది కూడా అసంపూర్తిగా.

మరి బడికి కావల్సిన సమాచారం ఎలా దొరుకుతుంది? ‘నీకేమనిపిస్తోంది’ అని ఎన్నిసార్లు అడిగినా రాదు. నాకు తెలిసిన అనుభవజ్ఞురాలైన కౌన్సిలర్ ఒకామె పిల్లకి తెల్లకాగితం ఇచ్చి బడి పటం గీయమంటుంది. గేటు, మెట్లు, క్లాసు, కుళాయి, మరుగుదొడ్లు, గ్రౌండు. తర్వాత పొద్దున్న గేటు దగ్గర్నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా వేలు పెట్టి నడిపించమంటుంది. ఎక్కడ కడుపులో బిగుసుకుంటుందో అక్కడ చుక్క పెట్టమంటుంది. పిల్లలు మాటల్లో చెప్పలేనివి వేలితో చెప్తారు. మన పాప మూడు చుక్కలు పెట్టింది. వెనక మెట్ల పక్కనున్న కుళాయి, మధ్యాహ్నం అన్నాల వేళ. పదకొండు గంటల చిన్న విరామంలో అమ్మాయిల మరుగుదొడ్ల ముందు లైను. గురువారం మధ్యాహ్నం వరసగా రెండు డ్రాయింగు పీరియడ్లు – ఆ టీచరు ఉద్యోగం మానేశాక ఆ గంటన్నర పిల్లల్ని కనిపెట్టుకునేవాళ్ళు లేరు.

కౌన్సిలర్ హాజరుపట్టీ తీసి చూసింది. ఏడు వారాల్లో ఆరుసార్లు రాలేదు, అందులో ఐదు గురువారాలు. రెండురోజులు అన్నాల వేళ తనే వెళ్ళి వెనక మెట్ల దగ్గర నిలబడింది. టీచర్లెవరూ అటు రాలేదు. ఆ పాప సాయంత్రానికి నీళ్ళసీసా నిండుగా తీసుకుపోతోంది. నీళ్ళు తాగితే మరుగుదొడ్డికి వెళ్ళాలి, వెళ్తే లైనులో నిలబడాలి. అందుకని పొద్దున్నించీ తాగదు.

ఇప్పుడు సవరించిన నోటు చూడండి:

‘సంఖ్య 7. ప్రధానోపాధ్యాయురాలికి మాత్రమే.

ఈ టర్ములో ఈ విద్యార్థినితో నాలుగుసార్లు మాట్లాడాను. ఈ నోటులోని విషయాలు బడికి తెలియడానికి ఆమె ఒప్పుకుంది. మిగిలినవి మా మధ్య వుంటాయి.

ఆమె చెప్పినది: కొన్ని నెలలుగా కొందరు సహవిద్యార్థినులు కులాన్నీ, తల్లి చేసే పనినీ ఎత్తి పేర్లు పెట్టి పిలుస్తున్నారు, ఉమ్మడి కుళాయి దగ్గర వేరుచేసి మాట్లాడుతున్నారు, ఒకసారి అవమానించే వస్తువు బెంచీ మీద పెట్టారు. హాజరుపట్టీలో వున్నది: ఏడు వారాల్లో ఆరు గైర్హాజర్లు, ఐదు గురువారాలే. నేను చూసినది: రెండు రోజులు అన్నాల వేళ వెనక మెట్ల దగ్గర పెద్దవాళ్ళెవరూ లేరు.

బడి చెయ్యవలసినది: అన్నాల విరామంలో వెనక కుళాయి దగ్గర, చిన్న విరామంలో మరుగుదొడ్ల దగ్గర ఒక ఉపాధ్యాయురాలు వుండాలి. గురువారం డ్రాయింగు పీరియడ్లకి ఎవరినైనా వెయ్యాలి. ఇవి ఈ తరగతికే కాక అన్ని తరగతులకీ ఒకేసారి, వచ్చే సోమవారం నించి మొదలుకావాలి. అక్కడున్న ఉపాధ్యాయురాలు తను కళ్ళారా చూసినదాని మీదే చర్య తీసుకోవాలి. కులం పేరుతో అవమానించడాన్ని సాధారణ అల్లరిగా చూడకూడదు.

బడి చెయ్యకూడనిది: ఈ విద్యార్థినినీ, ఆ పిల్లల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చెయ్యవద్దు. ఆమె సెక్షన్ మార్చవద్దు. క్లాసులో ఆమె పేరుగానీ, కౌన్సిలింగ్ ప్రస్తావనగానీ తేవద్దు.

ఆమె చెప్పకుండా క్లాసు వదిలి వెళితే పది నిమిషాల్లో వెతకాలి. ఆమె తనకి నమ్మకమని చెప్పిన ఉపాధ్యాయురాలి పేరు మీకు నోటిమాటగా చెప్తాను.

రెండు వారాల తర్వాత కలుద్దాం.’

దీంట్లో కొన్ని నిర్ణయాలు వున్నాయి. వాటి గురించి మన కార్యకర్తలు తరగతుల్లో గట్టిగా వాదిస్తారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదటిది కులం. తొలి నోటులో ‘చెడ్డ పేర్లు’ అని వుంది. గోప్యత పేరుతో కులాన్ని తుడిచెయ్యడం ఇక్కడ చాలా సులువు. చాలామందికి అది మర్యాదగా కూడా అనిపిస్తుంది. కానీ ‘చెడ్డ పేర్లు’ అని రాస్తే బడి ‘మంచి అలవాట్లు’ మీద ఒక ప్రసంగం పెట్టించి చేతులు దులుపుకుంటుంది. అలాగని పిల్లది ఏ కులమో రాయనక్కర్లేదు. జరిగిన హాని ఏ రకందో రాయాలి, పిల్ల గుర్తింపు రాయకూడదు. ‘కులాన్ని ఎత్తి’ అన్న మాటకీ, ‘ఫలానా కులపు బాలిక’ అన్న మాటకీ వున్న దూరం ఆ పిల్లకి చాలా పెద్ద దూరం. మొదటిది అవతలివాళ్ళు చేసినపని. రెండోది ఈమె మీద మళ్ళీ వేసిన ముద్ర. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కింద ఫిర్యాదు చేసే దారి ఒకటుందని తల్లికి విడిగా, అర్థమయ్యేలా చెప్పాలి. వెళ్ళాలా వద్దా అన్నది వాళ్ళ నిర్ణయం. అవతలివాళ్ళూ పిల్లలే కాబట్టి ఆ వ్యవహారం బాలనేరస్తుల న్యాయచట్టం పద్ధతిలో నడుస్తుందని కూడా చెప్పాలి. ఏమైనా కౌన్సిలర్ మాత్రం ‘సమస్య పరిష్కారమైంది’ అని ఎక్కడా సంతకం పెట్టకూడదు. రేపు ఆ కుటుంబం ఫిర్యాదు చేస్తే మొదట అడ్డొచ్చే కాగితం అదే.

రెండోది, వేధించినవాళ్ళ పేర్లు నోటులో లేవు. ‘పేర్లు లేకుండా బడి ఏం చేస్తుంది?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పేర్లు రాస్తే ఏమవుతుందో చూడండి. హెడ్మిస్ట్రెస్ ఆ నలుగుర్నీ పిలుస్తుంది. గది బయటికి రాగానే వాళ్ళకి తెలుస్తుంది ఎవరు చెప్పారో. మర్నాటినించీ పాపకి ‘చీపురు’తో పాటు ‘చాడీలకోరు’ అన్న పేరు కూడా వస్తుంది. అదే, ఫలానా చోట ఫలానా వేళ నిలబడమని చెప్తే, టీచరు నాలుగు రోజుల్లో తన చెవులతో తనే వింటుంది. అప్పుడు సాక్షి టీచరు. పిల్ల కాదు. దెబ్బతిన్న మనిషే నేరాన్ని నిరూపించాలి అన్న న్యాయం ఎంత క్రూరమైందో ఆడవాళ్ళకి తెలుసు. కనీసం బళ్ళోనైనా ఆ బరువు పిల్ల మీదనించి తియ్యగలం. అన్ని తరగతులకీ ఒకేసారి అనడం కూడా ఇందుకే. కౌన్సిలర్ వచ్చి వెళ్ళిన మర్నాడు ఎనిమిది బి వాళ్ళ కుళాయి దగ్గర మాత్రమే టీచరు ప్రత్యక్షమైతే, లెక్క వేసుకోలేనంత అమాయకులు కారు పిల్లలు. ఎంత జాగ్రత్తగా రాసిన నోటైనా చర్య తీసుకున్న తీరులోంచి బయటపడిపోతుంది. శరీరానికి హాని జరిగే ప్రమాదం వున్నప్పుడు మాత్రం టీచరు చూసేదాకా ఆగలేం. పిల్లకి ముందుగా చెప్పి, పేర్లు నోటిమాటగా ఇవ్వాల్సిందే.

మూడోది రాజీ. మన ఆలోచనలో పంచాయితీ ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, హెడ్మిస్ట్రెస్ మొదట చేసేది ఇద్దర్నీ పిలిచి ‘చేతులు కలపండి, అక్కచెల్లెళ్ళలా వుండండి’ అనడం. సమానుల మధ్య తగాదాకి అది పనికొస్తుందేమో. ఇక్కడ నలుగురు ఒకవైపు, ఒక్కతి మరోవైపు. పైన కులం. గదిలో క్షమాపణ చెప్పిన నలుగురూ మెట్ల దగ్గర ఆ క్షమాపణ బాకీ వసూలు చేస్తారు. భర్త చేత అందరిముందూ ‘ఇక కొట్టను’ అనిపించి పంపిన ఇళ్ళల్లో ఏం జరిగిందో మన దగ్గర కేసుల పుస్తకాలున్నాయి. అందుకని ‘చెయ్యకూడనిది’ అన్న పేరా లేకుండా నోటు ఇవ్వొద్దని నేను పట్టుబడతాను. బడి మంచి ఉద్దేశంతో చేసే పనులే ఎక్కువ చెడగొడతాయి.

ఇక ‘నేను లేకపోతే బాగుండును’ అన్న మాట. దీన్ని నోటులోంచి ఎలా తీసేస్తారని ఒక కార్యకర్త నా మీద కోప్పడింది. తీసెయ్యలేదు, దాని చోటు వేరు. ఆ మాట విన్నరోజే కౌన్సిలర్ సూటిగా అడిగింది – చనిపోవాలనుకున్నావా, ఎలా అని ఆలోచించావా, అందుకు ఇంట్లో ఏమైనా దాచుకున్నావా అని. అడిగితే ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడేవాళ్ళున్నారు. అది నిజం కాదు. అడగడమే పిల్లకి ఊరట. పాప ఎలా అన్నది ఆలోచించలేదు, ఒక రాత్రి అనిపించింది అంతే. అయినా ఆరోజే పాప ముందే తల్లితో మాట్లాడింది. ఇంట్లో పురుగుమందు, మాత్రలు అందకుండా పెట్టమంది. పిల్లని ఒంటరిగా వదలొద్దంది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి చీటీ రాసిచ్చింది. హెడ్మిస్ట్రెస్‌కి నోటు కోసం ఆగకుండా ఆరోజే నోటిమాటగా, పాపకి చెప్పే, జాగ్రత్తగా చూసుకోవాల్సిన అవసరం వుందని చెప్పింది. బడికి దాంట్లో చెయ్యాల్సిన పని ఒకటే: పిల్ల కనిపించకపోతే వెంటనే వెతకడం. నోటులో వున్నది అదే. ఆ రాత్రి ఆమెకేమనిపించిందో బడికి అక్కర్లేదు. అదే ఆ పిల్ల ‘ఎలా’ అన్నది ఆలోచించి వుంటే నోటు దాకా ఆగే ప్రశ్నే లేదు. ఆమెని ఒంటరిగా వదలకుండా ఆ సాయంత్రమే ఆసుపత్రికి.

దీనికి పునాది మొదటి సెషన్‌లో పడాలి. ‘ఎవ్వరికీ చెప్పను’ అని ఏ పిల్లకీ మాటివ్వకూడదు. ‘నువ్వు చెప్పింది నా దగ్గరే వుంటుంది. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు వున్నా, ఎవరైనా నిన్ను లైంగికంగా ఇబ్బంది పెట్టినా మాత్రం నేను దాచలేను. అప్పుడు కూడా ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తా’ అనాలి. లైంగిక నేరాల నించి పిల్లల్ని రక్షించే 2012 చట్టం, మనందరం పోక్సో అంటున్నది, 19వ సెక్షన్‌లో ఈ బాధ్యత పెట్టింది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద అలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలపాలి. తెలపకపోవడం 21వ సెక్షన్ కింద శిక్షార్హం. మరుగుదొడ్డి దగ్గర ఎవరైనా ఫోనుతో ఫోటో తీశారని పాప చెప్పి వుంటే, ‘బడి విచారించవలసింది’ అని సారాంశం రాసి కూర్చోవడం చట్టరీత్యా కూడా చెల్లదు. మన కార్యకర్తలకి ఈ తేడా స్పష్టంగా తెలియాలి. బడి నోటు బడి పరిధిలో జరిగే పనులకే.

బడి తనకి బాధ్యత లేదంటే? విద్యాహక్కు చట్టం, 2009, 17వ సెక్షన్ ఏ పిల్లనీ శారీరక శిక్షకిగానీ మానసిక వేధింపుకిగానీ గురిచెయ్యరాదంటుంది. ఎవరిచేత అన్న షరతు ఆ వాక్యంలో లేదు. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది కాబట్టి మన పాప దాని పరిధిలోనే వుంది. నోటులో సెక్షన్ నంబరు రాయడం నాకు ఇష్టం వుండదు, బడి బిగుసుకుంటుంది. హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడేటప్పుడు వాడుకోవచ్చు.

నోటు రాసేశాక, ఇచ్చేముందు, పిల్లకి చదివి వినిపించాలి. ఇది మర్యాద కోసం కాదు. మన కేసులో కౌన్సిలర్ మొదటి చిత్తుప్రతిలో ‘ఆ ప్రదేశాలకు వెళ్ళడానికి భయపడుతోంది’ అని రాసుకుంది. పాప విని, ‘భయం అని రాయొద్దక్కా, వాళ్ళకి తెలిస్తే సంతోషపడతారు’ అంది. వాక్యం తీసేసింది. దానివల్ల బడి చెయ్యాల్సిన పనేమీ తగ్గలేదు. నీళ్ళు తాగడంలేదన్న సంగతి కూడా రాయొద్దంది, సిగ్గట. అదీ తీసేసింది. అయితే ఒకటి కలపమంది. సెక్షన్ మార్చొద్దని. తనకున్న ఒకే ఒక్క స్నేహితురాలు ఆ క్లాసులోనే వుంది. ఈ సంగతి నాలుగు సెషన్లలోనూ రాలేదు. ఆ వాక్యం లేకపోయి వుంటే బడి మొదట చేసేది ఆ పిల్లని ఏ సెక్షన్‌కి మార్చడమే. తల్లికి కూడా నోటు చదివి వినిపించారు. అందులో లేనివేమిటో ఆమె అడగలేదు.

కాగితం ఎక్కడ వుండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. అక్కడే ఎక్కువ పాడవుతుంది. నోటు ఒకే ప్రతి. హెడ్మిస్ట్రెస్‌కి చేత్తో ఇచ్చి, పక్కన కూర్చుని చదివించి, ఆమె బీరువాలో పెట్టించాలి. విద్యార్థి ఫైల్లో పెట్టకూడదు. ఆ ఫైలు గుమాస్తా చేతిలోనించి, టీసీ తీసుకునేటప్పుడు ఇంకో బడికి కూడా వెళ్ళొచ్చు. ఫోనులో ఫోటో తీసి పంపడం అసలే వద్దు. ఉపాధ్యాయుల వాట్సప్ గ్రూపులో ఒకసారి పడిన కాగితాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. నోటు మీద పేరుండదు, సంఖ్య వుంటుంది. సంఖ్యకి పేరేదో రాసుకున్న పుస్తకం కౌన్సిలర్ దగ్గర విడిగా వుంటుంది. హెడ్మిస్ట్రెస్‌కి పిల్ల ఎవరో తెలియాలి, కాగితానికి తెలియక్కర్లేదు. అయితే చిన్న బళ్ళో సంఖ్య ఒక్కటే దాచదు. ‘తల్లి పారిశుద్ధ్య పనివారు’ అని రాస్తే పేరు రాసినట్టే. సవరించిన నోటులో ‘తల్లి చేసే పనిని ఎత్తి’ అనే వుంది, ఆ పని ఏమిటో లేదు. తరగతి, సెక్షన్ కూడా లేవు. క్లాసుటీచరుకి కాగితం చూపించరు. గురువారం పీరియడ్లు, సెక్షన్ మార్చకపోవడం, కనిపించకపోతే వెతకడం – ఈ మూడు సంగతులు నోటిమాటగా చెప్తే చాలు. సెషన్‌లో కౌన్సిలర్ తన కోసం రాసుకున్న పుస్తకం, పిల్ల గీసిన పటం, బడివి కావు. యాజమాన్యం అడిగినా ఇవ్వక్కర్లేదని, బళ్ళో పని ఒప్పుకునేటప్పుడే మన సంస్థలు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. తర్వాత అడిగితే జీతం ఇచ్చేవాళ్ళతో గొడవ. ముందే అయితే షరతు.

నోటు పనిచేస్తోందో లేదో పాపని ‘ఎలా వుంది’ అని అడిగి తెలుసుకోలేం. పిల్లలు మనల్ని సంతోషపెట్టడానికి బాగుందంటారు. హాజరుపట్టీలో గురువారాలు చూడాలి. సాయంత్రం నీళ్ళసీసా చూడాలి. టీచరు కుళాయి దగ్గర నిజంగా నిలబడుతోందో లేదో మనమే వెళ్ళి చూడాలి. మొదటి వారం నిలబడి రెండోవారం మానేసే బళ్ళే ఎక్కువ. అలాగే, సెషన్‌లో మాత్రమే వచ్చిన మాట ఏదైనా టీచర్ల నోట వినిపిస్తే ఎక్కడో కారుతోందన్నమాట. అప్పుడు ముందు పాపకి చెప్పాలి, ఆమె ఇంకొకరి ద్వారా వినేలోపల.

ఈ కేసులో రెండు వారాల తర్వాత వెళితే కుళాయి దగ్గర టీచరు వుంది, గురువారం పీరియడ్లకి మాత్రం ఇంకా ఎవరినీ వెయ్యలేదు. స్టాఫ్ లేరన్నారు. ఆ గంటన్నరా రెండు సెక్షన్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి లైబ్రరీ చూసే ఆమెని అక్కడ వుంచడానికి ఒప్పించేసరికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు గురువారాల్లో పాప రెండు రోజులు బడికి రాలేదు. నాలుగో గురువారం వచ్చింది. సాయంత్రం సీసా సగం ఖాళీగా వుంది.